గ్రూపులో పడిన క్లయింటు వివరాలు: డిలీట్ కొట్టాక ఎక్కడెక్కడ మిగులుతాయి, ఏ వరుసలో ఏం చేయాలి

ఈ పావుగంట మాట ఆడిట్, ట్యాక్స్ ఆఫీసుల్లో పని చేసేవాళ్ల కోసం. పొరపాటున క్లయింటు వివరాలు వాట్సాప్ గ్రూపులో పెట్టినవాళ్లు ముందుగా అనే మాట "సార్, డిలీట్ చేసేశాను". ఆ మాట నిజమే. కానీ డిలీట్ తుడిచేది కొన్ని కాపీలను మాత్రమే. మిగిలినవి ఎక్కడ ఉంటాయో తెలిస్తేనే తర్వాత చేయాల్సిన పని తెలుస్తుంది. ఒక్క మెసేజ్ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం.

కర్నూలులో ఒక ఆడిట్ ఆఫీసు అనుకోండి. నెల 20వ తేదీ, జీఎస్టీఆర్-3బీ ఆఖరు రోజు, మధ్యాహ్నం 3:40. ఆదోనిలో జిన్నింగ్ మిల్లు నడిపే ఒక క్లయింటు రిటర్న్ వేయాలి. పక్క గదిలో ఉన్న సహోద్యోగికి పంపాల్సిన మెసేజ్ "జీఎస్టీ ఫైలింగ్" అనే గ్రూపులో పడింది. అందులో జీఎస్టీ పోర్టల్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్, యజమాని పాన్, పుట్టిన తేదీ, కరెంటు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ ఉన్నాయి. దాని కింద క్యాన్సిల్ చేసిన చెక్కు ఫోటో, ఆధార్ పీడీఎఫ్ కూడా ఉన్నాయి. గ్రూపులో 11 మంది. వాళ్లలో ఒకరు నిరుడు ఉద్యోగం మాని అనంతపురంలో వేరే ఆఫీసులో చేరారు, గ్రూపులోంచి ఆయన్ని ఎవరూ తీయలేదు. ఇంకొకరు వేరే మిల్లు అకౌంటెంటు. ఎప్పుడో ఒక సందేహం తీర్చడానికి చేర్చారు, అలాగే ఉండిపోయారు.

మెసేజ్ ఒకటే, కాపీలు ఎన్ని?

వాట్సాప్ మెసేజ్ మీ ఫోన్ నుంచి అవతలి ఫోన్‌కు తాళం వేసిన పెట్టెలో వెళుతుంది. దారిలో ఎవరూ తెరవలేరు. ఆ తాళం దారికే. గమ్యం చేరాక పెట్టె తెరుచుకుంటుంది, లోపలిది ఆ ఫోన్‌లో కుదురుకుంటుంది. 11 మంది గ్రూపు అంటే పంపినవాళ్లది కలిపి 11 ఫోన్లు. ఒక్కో ఖాతాకు ఫోన్ కాక మరో 4 పరికరాలు కలుపుకోవచ్చు. ఆఫీసులో నలుగురు కంప్యూటర్‌లో వాట్సాప్ తెరిచి పెట్టుకుని ఉంటే అక్కడ మరో 4 కాపీలు. అంటే 3:41కి 15 చోట్ల ఉంది.

ఇంతవరకూ Delete for everyone అందుకోగలదు. అది అందుకోలేనివి ఇవి.

చెక్కు ఫోటో కొందరి ఫోన్లలో దానంతటదే గ్యాలరీలోకి వెళుతుంది. గ్యాలరీ గూగుల్ ఫోటోస్‌కు కలిపి ఉంటే అక్కడి నుంచి క్లౌడ్‌కు పోతుంది. ముఖ్యంగా ఐఫోన్‌లో Photos లో సేవ్ అయిన చిత్రం, చాట్‌లో మెసేజ్ తీసేసినా అక్కడే ఉంటుంది. ఆధార్ పీడీఎఫ్‌ను ఎవరైనా కంప్యూటర్‌లో తెరిచి సేవ్ చేస్తే Downloads ఫోల్డరులో చేరుతుంది. ఆ ఫైలుకు చాట్‌తో ఇక సంబంధం లేదు. ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే అది కొత్త మెసేజ్ కింద లెక్క, మీ డిలీట్ దాని జోలికి పోదు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోన్లలో Notification history అనే సదుపాయం ఉంది. దాన్ని ఆన్ చేసుకున్నవాళ్ల ఫోన్‌లో గత 24 గంటల్లో వచ్చిన నోటిఫికేషన్లు కనిపిస్తాయి. చాట్‌లో మెసేజ్ మాయమైనా, తెరమీద మెరిసిన వాక్యం అక్కడ ఉంటుంది.

పంపినవాళ్ల కంప్యూటర్‌ను కూడా మరవొద్దు. ఎక్సెల్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేశారు కదా. విండోస్‌లో క్లిప్‌బోర్డ్ చరిత్ర ఆన్‌లో ఉంటే, విండోస్ కీ పట్టుకుని V నొక్కగానే గత 25 కాపీలు వరుసగా కనిపిస్తాయి. పాస్‌వర్డ్ వాటి మధ్యలో కూర్చుని ఉంటుంది. అదే కంప్యూటర్ మీద సాయంత్రం ఇంకొకరు పని చేస్తారు. పిన్ చేసినవి తప్ప మిగిలినవి కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే పోతాయి. అదే జాబితాలో Clear all కొట్టినా పోతాయి.

అన్నింటికంటే ఎక్కువ మంది మరిచేది రాత్రి 2 గంటలు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ రోజూ ఆ వేళకు చాట్లన్నిటికీ ఫోన్‌లోనే ఒక బ్యాకప్ రాసుకుంటుంది. అది ఇక్కడ ఉంటుంది:

```
Android/media/com.whatsapp/WhatsApp/Databases
```

ఈ ఫైలు తాళం వేసే ఉంటుంది, ఎవరుపడితే వాళ్లు తెరవలేరు. కానీ అదే నంబరుతో వాట్సాప్ తీసేసి మళ్లీ ఎక్కిస్తే దాన్నుంచి చాట్లు తిరిగి వస్తాయి. గత 7 రోజుల దాకా ఫైళ్లు అక్కడ నిలవ ఉంటాయి. గూగుల్ ఖాతాకు వెళ్లే బ్యాకప్ దీనికి అదనం. అది రోజూనా, వారానికా, నెలకా అన్నది ఎవరి అమరిక వాళ్లది. దానికి ప్రత్యేకంగా ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసుకోవాలి, దానంతటది ఉండదు.

అందుకే మన ఉదాహరణలో గడువు సాయంత్రం ఆరు కాదు, రాత్రి 2. అంతకుముందు అందరి ఫోన్లలో డిలీట్ అమలైతే ఆ మెసేజ్ ఆ రాత్రి బ్యాకప్‌లోకి ఎక్కదు. మర్నాడు ఉదయం చూసి తీసేస్తే, చాట్‌లో పోయినా బ్యాకప్‌లో మిగిలిపోతుంది.

మొదటి పని: తీసేయకముందు ఒక్క నిమిషం

చూసిన క్షణమే డిలీట్ కొట్టాలనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగండి. మీరు పంపిన మెసేజ్ మీద వేలు నొక్కి పట్టి Info తెరవండి. Read by, Delivered to అని రెండు జాబితాలు ఉంటాయి. మెసేజ్ తీసేశాక ఈ జాబితా మళ్లీ దొరకదు. ఎవరికి ఫోన్ చేయాలో చెప్పేది ఇదొక్కటే.

నీలం టిక్కులు ఆపేసుకున్నవాళ్ల పేరు ఇందులో రాదేమో అనే అనుమానం చాలామందికి ఉంటుంది. గ్రూపుల్లో ఆ ఆపుదల పనిచేయదు, చాట్ తెరిచిన వాళ్ల పేరు Read by లోకి వస్తుంది. ఒక్క లోపం ఉంది. పైనుంచి నోటిఫికేషన్ లాగి అక్కడే చదివినవాళ్లు చదివినట్టు లెక్కకు రారు. కాబట్టి Delivered to లో ఉన్నవాళ్లను చూడనివాళ్లు అనుకోకండి.

జాబితాను కాగితం మీద రాసుకోండి. స్క్రీన్‌షాట్ వద్దు. తెరమీద మెసేజ్ కూడా ఉంటుంది, ఆ చిత్రం మీ గ్యాలరీ నుంచి క్లౌడ్‌కు వెళ్లి 16వ కాపీ అవుతుంది. కాగితం మీద ఇలా ఉంటే చాలు: తేదీ, సమయం, గ్రూపు పేరు, చదివినవాళ్లు, చేరినవాళ్లు, ఏయే రకం వివరాలు పడ్డాయి. "జీఎస్టీ పాస్‌వర్డ్, పాన్, పుట్టిన తేదీ, ఖాతా నంబరు, చెక్కు ఫోటో, ఆధార్" అని రకాలు రాయండి, అంకెలు రాయకండి.

రెండో పని: సరైన డిలీట్

మెసేజ్ నొక్కి పట్టి డిలీట్ గుర్తు తాకితే రెండు దారులు కనిపిస్తాయి. కంగారులో చేయి Delete for me మీద పడితే ముప్పు. మెసేజ్ మీ ఫోన్‌లో మాత్రమే పోతుంది, మిగతా పదిమంది దగ్గర నిక్షేపంగా ఉంటుంది, పైగా దాన్ని తీసేసే పట్టు మీకు పోతుంది. అలా జరిగితే తెర అడుగున కొన్ని క్షణాలు Undo కనిపిస్తుంది, వెంటనే తాకండి. అది కూడా దాటిపోతే గ్రూపు అడ్మిన్‌కు ఫోన్ చేయండి. ఎవరు పెట్టిన మెసేజ్‌నైనా అడ్మిన్ అందరికీ తీసేయగలరు.

మెసేజ్, ఫోటో, పీడీఎఫ్ మూడూ వేరువేరు. మూడింటినీ ఎంచుకుని Delete for everyone కొట్టండి. పంపినప్పటి నుంచి సుమారు రెండున్నర రోజుల వరకే ఈ వీలు ఉంటుంది. ఆ తర్వాత చూస్తే చేతిలో మిగిలేది ఫోన్ కాల్స్ మాత్రమే. నెట్ ఆపుకున్న ఫోన్‌కు మీ డిలీట్ వెంటనే చేరదు, నెట్ ఆన్ చేసేదాకా మెసేజ్ అక్కడ చదవడానికి వీలుగానే ఉంటుంది. 3:45కి మెసేజ్ అందుకుని 3:50కి డేటా ఆపేసి బస్సెక్కినవాళ్ల సంగతి ఇంతే.

మూడో పని: ఫోన్లు చేయడం

గ్రూపులో "పైన పొరపాటున క్లయింటు పాస్‌వర్డ్ పెట్టాను, ఎవరూ చూడొద్దు" అని రాయకండి. చూడనివాళ్లకు కూడా అక్కడ ఏముందో చెప్పినట్టవుతుంది. కాగితంలో ఉన్న పదిమందికీ విడివిడిగా ఫోన్ చేయండి. బయటివాళ్లతో మొదలుపెట్టండి. మన ఉదాహరణలో అనంతపురం వెళ్లిపోయిన ఆయన, వేరే మిల్లు అకౌంటెంటు ముందు. ఆఫీసులోవాళ్లు ఎలాగూ కళ్ల ముందే ఉన్నారు.

"డిలీట్ చేశావా?" అని ఒక్క ప్రశ్న అడిగితే "చేశాను" అనే జవాబే వస్తుంది. ఒక్కో చోటు పేరు చెప్పి అడగండి:

"అన్నా, ఇందాక జీఎస్టీ గ్రూపులో నేను పెట్టింది ఎవరికైనా ఫార్వర్డ్ చేసినావా? ఆ చెక్కు ఫోటో నీ గ్యాలరీలో పడిందేమో చూడు. గూగుల్ ఫోటోస్‌లో కూడా, ట్రాష్‌లో కూడా. పీడీఎఫ్ సిస్టంలో తెరిచినావా? తెరిచింటే డౌన్‌లోడ్స్‌లో ఉంటుంది, రీసైకిల్ బిన్ దాకా తీసెయ్యి. ఈ రాత్రి రెండుకు ముందు ఒకసారి నెట్ ఆన్ చేసి గ్రూపు తెరువు."

ఆ చివరి మాట ఎందుకో పైన చెప్పాను. వాళ్లు చెప్పిన జవాబును కాగితం మీద పేరు పక్కన రాయండి. ఎవరైనా ఫార్వర్డ్ చేశానంటే ఎవరికో రాసుకుని, వాళ్లతోనే అక్కడ Delete for everyone చేయించండి. ఎందుకంటే ఆ కాపీకి పంపినవాళ్లు వాళ్లే.

ఉద్యోగం మానినవాళ్లను ఇప్పుడు గ్రూపులోంచి తీసేయాలి. తీసేసినంత మాత్రాన పాత మెసేజ్‌లు వాళ్ల ఫోన్‌లోంచి పోవు. ఇకమీద వచ్చేవి మాత్రమే ఆగుతాయి. రెండేళ్లుగా ఆ గ్రూపులో పడిన పాస్‌వర్డ్‌లన్నీ ఆ ఫోన్‌లో అలాగే ఉన్నాయని లెక్కలోకి తీసుకోండి.

నాలుగో పని: మార్చగలిగేవి మార్చడం

ఇది అన్నిటికంటే పెద్ద పని. కాపీల వెంట ఎంత పరిగెత్తినా ఒకటి మిగిలే ఉంటుంది అనుకుని చేయాల్సింది ఇది. పడిన వివరాలను రెండు రాశులుగా విడదీయండి: మార్చగలిగేవి, మార్చలేనివి.

జీఎస్టీ పాస్‌వర్డ్ మార్చగలిగేది. ఫోన్లు చేస్తుండగానే ఇంకొకరిని కూర్చోబెట్టి మార్పించండి. పోర్టల్‌లోకి వెళ్లి My Profile లో Change Password. అది మారిన క్షణాన ఆ 15 చోట్ల, బ్యాకప్‌లలో ఉన్న పాత పాస్‌వర్డ్ చిత్తు కాగితం. ఇక్కడ ఒక విషయం చూసుకోవాలి. మన ఆఫీసుల్లో పాస్‌వర్డ్‌లకు ఒక అచ్చు ఉంటుంది, మిల్లు పేరు ముందు, @123 వెనక. ఒకటి చూసినవాడికి మిగతా క్లయింట్లవి ఊహించడం తేలిక. అదే క్లయింటు ఇన్‌కంట్యాక్స్ పోర్టల్‌కు కూడా అదే పాస్‌వర్డ్ ఉంటే అదీ మార్చాలి. అచ్చు మొత్తం బయటపడితే అందరివీ మార్చాలి. శ్రమే, కానీ తప్పదు.

పాస్‌వర్డ్‌తో రిటర్న్ వేయలేరు, దానికి ఓటీపీ గానీ డిజిటల్ సంతకం గానీ కావాలి. కాబట్టి ఏం కాదులే అనిపిస్తుంది. లోపలికి వెళితే మిల్లు ఎవరి దగ్గర ఎంతకు కొన్నదీ, ఎవరికి ఎంతకు అమ్మిందీ కనిపిస్తుంది. గ్రూపులో వేరే మిల్లు అకౌంటెంటు ఉన్నారన్నది ఇక్కడే గుర్తుకు రావాలి.

ఆధార్ నంబరు మారదు, పాన్ మారదు, పుట్టిన తేదీ మారదు. ఇవి ఎవరి చేతిలో పడ్డా చెల్లుతూనే ఉంటాయి కాబట్టి వీటికి కాపలా పెట్టాలి. ఆధార్‌కు యజమాని చేత myAadhaar లో గానీ ఎంఆధార్ యాప్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ వేయించండి. వేలిముద్రతో డబ్బు తీసే దారి దానితో మూసుకుంటుంది. అవసరమైనప్పుడు ఆయనే తెరుచుకోవచ్చు. పాన్‌కు జీఎస్టీ పోర్టల్‌లోనే ఒక తనిఖీ ఉంది. Search Taxpayer లో Search by PAN తెరిచి నంబరు కొడితే ఆ పాన్ మీద ఉన్న జీఎస్టీ రిజిస్ట్రేషన్లన్నీ రాష్ట్రాలవారీగా వస్తాయి. ఆదోని మిల్లుకు ఒకటే ఉండాలి. తెలియని రాష్ట్రంలో రెండోది కనిపిస్తే ఎవరో ఆయన పాన్‌తో దొంగ రిజిస్ట్రేషన్ తీసుకున్నట్టు. ఇది ఈరోజు ఒకసారి, ఆ తర్వాత నెలనెలా 3బీ వేసే రోజున ఒకసారి చూస్తే సరిపోతుంది. ఆయన పేరున ఎవరైనా అప్పు తీసుకున్నారా అన్నది క్రెడిట్ రిపోర్టులో తెలుస్తుంది. ఒక్కో క్రెడిట్ సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి.

ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ తెలిసినంత మాత్రాన ఎవరూ డబ్బు లాగలేరు. వాటి ప్రమాదం వేరు. "సార్, మీ ఆడిటర్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం. మీ కరెంటు ఖాతా చివరి నాలుగు అంకెలు ఇవే కదా? 3బీ ఆగిపోయింది, ఓటీపీ వస్తుంది చెప్పండి" అని 20వ తేదీ సాయంత్రం ఫోన్ వస్తే ఎవరు నమ్మరు?

ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా?

ఉంది. దాని పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు ఆంగ్ల అక్షరాలు పెద్దవి, ఆ తర్వాత పుట్టిన సంవత్సరం. పేరు RAVI KUMAR, పుట్టింది 1975 అయితే RAVI1975. ఇన్‌కంట్యాక్స్ పోర్టల్ నుంచి దించుకునే ఐటీఆర్ రసీదుకు పాన్ చిన్న అక్షరాల్లో, దాని వెంట పుట్టిన తేదీ. ఇప్పుడు మన మెసేజ్ మళ్లీ చూడండి. పాన్, పుట్టిన తేదీ, పీడీఎఫ్ మూడూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. తాళం పక్కనే తాళంచెవి వేలాడుతోంది. ఈ పీడీఎఫ్‌లను వాటితో వచ్చిన పాస్‌వర్డ్‌తోనే పంపితే తాళం లేనట్టే లెక్క.

ఐదో పని: చెప్పడం

మీ పై అధికారికి, ఐటీ చూసేవాళ్లకు వెంటనే చెప్పండి, అన్నీ సర్దుకున్నాక కాదు. సైబర్ ఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా బయటపడిన ఘటనలను గమనించిన 6 గంటల్లోపు ఆ సంస్థకు తెలపాలి. మీ ఘటన ఆ కోవలోకి వస్తుందా లేదా అని తేల్చేది ఆఫీసు పెద్దలు. కానీ వాళ్ల దాకా రావడానికే మూడు గంటలు పడితే తేల్చడానికి సగం సమయమే మిగులుతుంది. 3:40కి పడింది 3:50కి చెప్పినవాళ్లను ఏ ఆఫీసూ మందలించకూడదు. మందలిస్తే తర్వాతిసారి ఎవరూ చెప్పరు.

క్లయింటుకు ఫోన్ చేయాల్సింది ఆడిటర్ గానీ భాగస్వామి గానీ. చెప్పాల్సినవి మూడు. ఏమేం బయటపడ్డాయి, మనం ఏం మార్చాం, ఆయన ఏం చేయాలి. "ఈ నెల రోజులు మా ఆఫీసు పేరు చెప్పి ఎవరు ఓటీపీ అడిగినా చెప్పొద్దు సార్, మా ల్యాండ్‌లైన్‌కు మీరే తిరిగి చేయండి" అన్న మాట తప్పకుండా ఉండాలి. ఒకవేళ డబ్బు పోతే ఆయన ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని కూడా అప్పుడే చెప్పండి.

మాయమయ్యే మెసేజ్‌లు పెట్టుకుంటే?

24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని మూడు గడువులున్నాయి. గ్రూపుకు 24 గంటలు పెట్టడం మంచిదే, పాత గుట్ట పెరగదు. కానీ ఆ 24 గంటల్లో రాత్రి 2 ఒకసారి వస్తుంది. ఫార్వర్డ్ చేసినది, గ్యాలరీకి చేరినది, డౌన్‌లోడ్ చేసినది ఆ గడువుకు లొంగవు. పాస్‌వర్డ్ పంపే సాధనంగా దీన్ని నమ్ముకోవద్దు.

రేపటి నుంచి ఎలా పంపాలి

చాట్‌లో వివరం కాకుండా, వివరం ఎక్కడుందో మాత్రమే రాయండి. ప్రతి క్లయింటుకూ ఆఫీసులో ఒక ఫైలు నంబరు ఉంటుంది. "47 ఫోల్డరులో పెట్టాను, 3బీ ఈరోజే" అన్న మెసేజ్ ఏ గ్రూపులో పడినా బయటివాళ్లకు అందులో ఏమీ లేదు. పాస్‌వర్డ్‌లు ఆఫీసు పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉండాలి, ఎవరికి ఏ క్లయింటు కావాలో వాళ్లకు అంతవరకే తెరవాలి. ఆధార్ అడిగినచోట మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందేమో ముందు చూడండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

ఫైళ్లను గూగుల్ డ్రైవ్‌లో పెడితే Restricted ఉంచి, ఆ ఒక్కరి ఈమెయిల్ మాత్రమే చేర్చండి. Anyone with the link పెడితే ఆ లింకు ఫార్వర్డ్ అయినచోటల్లా తలుపు తెరిచే ఉంటుంది. చూసేవాళ్లు డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ చేసుకునే వీలుకు షేరింగ్ అమరికల్లో ఒక టిక్కు ఉంటుంది, అది తీసేయండి. రిటర్న్ వేసి ఏఆర్ఎన్ వచ్చిన సాయంత్రం ఆ ఈమెయిల్‌ను జాబితాలోంచి తొలగించండి. ఇక్కడ లింకు మూస్తే అవతల నిజంగానే మూసుకుంటుంది, ఫోన్ చేసి అడగక్కర్లేదు. తెరను ఇంకో ఫోన్‌తో ఫోటో తీసుకుంటే మాత్రం ఈ ఏర్పాటుకూ మందు లేదు. అందుకే చేర్చే ఈమెయిళ్లు ఎప్పుడూ ఒకటో రెండో.